లిస్టింగ్ రాసే ముందు ఓ మెయిల్

ఆన్‌లైన్‌లో పవర్ బ్యాంకులు అమ్ముదామనుకుంటున్నారా? సప్లయర్‌ని ‘డీటెయిల్స్ పంపండి’ అని అడిగితే వచ్చేది రంగుల బ్రోచరే. ఇలా అడిగి చూడండి:

‘నమస్తే అండీ. మీ మోడల్‌పై 10,000 ఎంఏహెచ్ అని ఉంది. అది లోపలి సెల్ సామర్థ్యమా, 5 వోల్టుల దగ్గర బయటికొచ్చేదా? రెండూ విడిగా చెప్పగలరు. లేబుల్ ఫొటో, బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా పంపండి.’

ఎందుకీ చాదస్తమంటే, లోపలి సెల్ 3.7 వోల్టులది. అంటే మొత్తం 37 వాట్ అవర్లు. 5 వోల్టులకు మారిస్తే లెక్క ప్రకారమే 7,400 ఎంఏహెచ్. సర్క్యూట్లో వేడిగా పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. 5,000 ఎంఏహెచ్ ఫోన్ ‘రెండుసార్లు ఫుల్’ అని మీరు రాసేశారనుకోండి, రిటర్న్‌లు వచ్చేది మీకే, సప్లయర్‌కి కాదు. ‘రెండూ 10,000 అండీ’ అని జవాబొస్తే మాత్రం లేబుల్ ఫొటో వచ్చేదాకా లిస్టింగ్ ఆపండి.