సర్జన్ ఒకరు, బల్లలు రెండు

డాక్టర్ జి. వెంకటస్వామి పదవీ విరమణ తర్వాత 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అక్కడి థియేటర్లలో సర్జన్ ఒక్కరికి రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద శుక్లం ఆపరేషన్ నడుస్తుండగానే రెండో బల్ల మీద నర్సులు తర్వాతి రోగిని సిద్ధం చేస్తుంటారు. ఇక్కడ పూర్తవగానే మైక్రోస్కోపు అటు తిరుగుతుంది.

ఎందుకలా? ఒక చిన్న లెక్క వేద్దాం. చేయి తిరిగిన సర్జన్‌కు శుక్లం తీసి లెన్స్ పెట్టడానికి పది నిమిషాలు పడుతుందనుకుందాం. రోగిని దించి, మరొకరిని పడుకోబెట్టి, కన్ను శుభ్రం చేసి, పరికరాలు అమర్చడానికి ఇంకో పది. బల్ల ఒకటే అయితే గంటకు ముగ్గురికి చూపు వస్తుంది. రెండుంటే ఆరుగురికి. సర్జన్ తొందరపడిందేమీ లేదు, ఖాళీగా నిలబడటం తప్పిందంతే.

ఏ పనిలోనైనా అన్నిటికంటే ఇరుకైన మెట్టు ఒకటుంటుంది. మొత్తం పని దాని వేగాన్ని దాటదు. అక్కడ పోయిన గంట సంస్థ మొత్తానికీ పోయినట్టే అని ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వచ్చిన ‘ద గోల్’ నవలలో ఒక ఫ్యాక్టరీ కథగా చెప్పారు. కంటి ఆసుపత్రిలో ఆ మెట్టు సర్జన్ సమయం. చీటీలు రాసే కౌంటర్లు రెట్టింపు చేసినా ఆపరేషన్లు పెరగవు, థియేటర్ బయట బెంచీలు నిండుతాయి.

అందుకే మిగతా పనులన్నీ సర్జన్‌ను చూసుకునే కదలాలి. లెన్స్ పవర్ కొలత, బీపీ, షుగర్ ముందురోజే తేలిపోవాలి; బల్ల మీదికి వచ్చాక షుగర్ ఎక్కువుందని తెలిస్తే ఆ పది నిమిషాలు తిరిగిరావు. అలాగని పొద్దున్నే అందరికీ మత్తు ఇంజక్షన్ ఇచ్చి కూర్చోబెట్టకూడదు, మత్తు దిగిపోతుంది. ఒకరిద్దరు సిద్ధంగా ఉంటే చాలు.

ఇరుకు ఎక్కడుందో క్యూని బట్టి ఊహించవచ్చు గానీ క్యూ ఒక్కటే చాలదు. ఉదయం అందరూ ఒకేసారి వస్తే రిజిస్ట్రేషన్ దగ్గరా గుంపు ఉంటుంది, పది గంటలకల్లా కరిగిపోతుంది. రోజంతా ముందు జనం పేరుకుని, తర్వాతి విభాగం పనిలేక చూస్తుంటే ఆ చోటును అనుమానించాలి.

ఇరుకు చోటు మారుతుంది కూడా. వాడిన పరికరాల సెట్టు కడిగి, ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసి తేవడానికి గంట పడితే, ఆ గంటలో ఆరు సెట్లు అక్కడే ఉంటాయి. బల్లల మీద రెండు. అంటే ఎనిమిది కావాలి. ఆరే ఉంటే, ఎంత నేర్పున్న సర్జనైనా గంటకు సగటున నాలుగైదు ఆపరేషన్ల దగ్గరే ఆగిపోతారు. అప్పుడు కొనాల్సింది మూడో బల్ల కాదు, మరో రెండు సెట్లు.