ఎవరిని అడిగారు? ఎవరిని దాటేశారు?

బీఈడీ, డీఈఎల్‌ఈడీ చదివేవాళ్లు ఇంటర్న్‌షిప్ కోసం బడికి వెళ్లి పాఠం చెబుతుంటే, కాలేజీ లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. పాఠం ఎలా మొదలుపెట్టారు, నల్లబల్ల ఎలా వాడారు, ఉపకరణాలు తెచ్చారా అని చేతిలోని పరిశీలన పత్రంలో ఒక్కో గడికీ మార్కులు వేస్తారు. ఆ పత్రంలోనే ‘బాలబాలికలను సమానంగా చూశారా?’ అని మరో గడి పెడితే, దానికెదురుగా ‘అవును’ అని టిక్కు పడటం ఖాయం. ఎందుకంటే కావాలని తేడా చూపే టీచర్లు తక్కువ. తెలియకుండా జరిగే తేడా అభిప్రాయం అడిగితే బయటపడదు. లెక్కపెడితేనే బయటపడుతుంది.

ఈ లెక్కపెట్టే పద్ధతికి ఇప్పటికే ఒక దారి ఉంది. ఆఫ్రికా దేశాల్లో బాలికల చదువు కోసం 1992లో ఏర్పడిన ‘ఫావే’ అనే సంస్థ 2005లో టీచర్ల కోసం ఒక కరదీపిక తెచ్చింది. పాఠ్యపథకం, బోధన సామగ్రి, భాష, తరగతిలో మాటామంతీ, కూర్చునే ఏర్పాటు అంటూ విషయాన్ని చూడదగిన ముక్కలుగా విడగొట్టింది. మన దేశంలో 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలతో రెండేళ్ల బీఈడీ వచ్చినప్పుడు ‘జెండర్, పాఠశాల, సమాజం’ అందులో పాఠ్యాంశమైంది. అయితే పరీక్షలో రాసే సిద్ధాంతం వేరు, వెనక బెంచీలో కూర్చుని చూడాల్సిన పని వేరు. ఆ పనికి నాలుగు భాగాల పత్రం ఒకటి సరిపోతుంది.

మాటామంతీ

గంట మోగకముందే తెల్లకాగితం మీద తరగతి పటం గీసుకోవాలి. బెంచీకో గీత, పిల్లకో చిన్న గడి, అందులో ‘అ’ లేదా ‘బా’ అనే గుర్తు. టీచర్ ఎవరినైనా పేరు పెట్టిగానీ, వేలు చూపిగానీ అడిగినప్పుడల్లా ఆ గడిలో ఒక గీత పెట్టాలి. ‘ఎందుకు’, ‘ఎలా’ అనే ప్రశ్న అయితే గీతకు చుట్టూ సున్నా చుట్టాలి. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది టీచర్!’ అని తరగతంతా అరిచే సమాధానాలను పటంలోకి రానివ్వకూడదు, పక్కన విడిగా లెక్కేయాలి. మన తరగతుల్లో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు నోరు మాత్రమే కదుపుతున్నారో తెలియకుండా దాచేసేది ఈ బృందగానమే.

ఒక ఊహా తరగతిలో ఈ పత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఏడో తరగతిలో విద్యుత్ వలయాల పాఠం జరుగుతోంది. 17 మంది అమ్మాయిలు, 15 మంది అబ్బాయిలు ఉన్నారు. పాఠం చెబుతున్నది శిక్షణలో ఉన్న ఒక యువతి. విడివిడిగా అడిగిన ప్రశ్నలు 24. వాటిలో అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 8 వెళ్లాయి. పిల్లల సంఖ్యను బట్టి పంచితే అమ్మాయిలకు 13 దాకా రావాలి. సున్నా చుట్టిన ‘ఎందుకు’ ప్రశ్నలు ఆరైతే వాటిలో ఐదు అబ్బాయిలవే. అంటే గుర్తున్నది చెప్పమని అమ్మాయిలను, ఆలోచించమని అబ్బాయిలను అడిగారన్నమాట.

అన్నిటికంటే విలువైన గీత తప్పు జవాబు తర్వాత పడుతుంది. ఐదుగురు అబ్బాయిలు తప్పు చెప్పారు. వారిలో నలుగురికి ‘మళ్లీ చూడు, సెల్ రెండో కొస ఎక్కడ కలిపావు?’ లాంటి ఆధారం దొరికింది. నలుగురు అమ్మాయిలు తప్పు చెప్పారు. ముగ్గురికి ‘సరే, కూర్చో’ అన్న మాట దక్కింది, ప్రశ్న పక్కవాళ్లకు వెళ్లిపోయింది. టీచర్ మనసులో ఉన్నది జాలే కావచ్చు, నలుగురిలో ఇబ్బంది పెట్టకూడదనే కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే. తప్పు దిద్దుకునే అవకాశం ఒకరికి దొరికింది, మరొకరికి దొరకలేదు. అందుకే పత్రంలో ‘తప్పు చెప్పాక ఏం జరిగింది?’ అన్న గడి తప్పకుండా ఉండాలి.

పటం మరో సంగతి కూడా చెబుతుంది. అబ్బాయిలకు వచ్చిన 16లో తొమ్మిది ముందు బెంచీలో కూర్చున్న ముగ్గురికే వెళ్లాయి. మిగతా 12 మందికి కలిపి దక్కినవి ఏడు. వెనక వరసలో ఒక్క గీతా పడని అబ్బాయిలున్నారు. మొత్తం అంకెలు మాత్రమే రాసుకుంటే వీళ్లు కనిపించరు.

కూర్చునే తీరు

అమ్మాయిలు ఒకవైపు, అబ్బాయిలు ఒకవైపు కూర్చుంటే తప్పని, కలిపి కూర్చోబెడితే ఒప్పని మార్కు వేయడం తొందరపాటు. బలవంతంగా కలిపిన చోట అమ్మాయిలు ఇంకా ముడుచుకుపోవచ్చు. చూడాల్సింది టీచర్ నడక. ఏ వరసల మధ్య తిరిగారు, ఎటు తిరిగి ఎక్కువసేపు మాట్లాడారు అన్నది పటం మీద బాణం గుర్తుతో గీయాలి. ప్రయోగం చేయించేటప్పుడు చేతులు చూడాలి. మన ఊహా తరగతిలో కలిసి కూర్చున్న నాలుగు జట్లలోనూ వైర్లు కలిపింది అబ్బాయిలు, పట్టిక రాసింది అమ్మాయిలు. అమ్మాయిలే ఉన్న రెండు జట్లలో బల్బు వెలిగించింది అమ్మాయిలే. కాబట్టి లోటు చేతకావడంలో లేదు, పని పంచడంలో ఉంది. ‘పరికరం ఎవరి చేతిలో ఉంది, కలం ఎవరి చేతిలో ఉంది, జట్టు తరఫున లేచి చెప్పింది ఎవరు’ అనే మూడు గడులు చాలు.

సామగ్రి

పాఠ్యపుస్తకంలోని బొమ్మలు, లెక్కలు టీచర్ చేతిలో లేవు. బల్ల మీద రాసిన ఉదాహరణ మాత్రం ఆయనదో ఆమెదో సొంతం. కాబట్టి పరిశీలకులు ఆ పాఠంలో వాడిన బొమ్మలు, ఉదాహరణలు మాత్రమే లెక్కేయాలి. పేర్లు చెరి సగం ఉన్నాయా అని చూసి ఆగకూడదు, ఎవరు ఏం చేస్తున్నారో చూడాలి. రాజు పొలం కొని, సీత కూరగాయలు కొంటే పేర్లు సమానమే, పనులు కావు. పుస్తకంలో అలాంటి బొమ్మ ఉన్నప్పుడు టీచర్ ‘మీ ఇంట్లో ఈ పని ఎవరెవరు చేస్తారు?’ అని ఒక్క ప్రశ్న వేసినా దాన్ని పత్రంలో మెచ్చుకోలుగా రాయాలి.

భాష

ఇక్కడ ‘భాష బాగుంది’ అని రాయడం పనికిరాదు. విన్న మాటను విన్నట్టే రాయాలి. ‘ఆడపిల్లలా ఏడుస్తావేంరా?’, ‘మగపిల్లాడివై ఉండి ఈ లెక్క రాదా?’, ‘అమ్మాయిలూ, తరగతి ఊడ్చేయండి. అబ్బాయిలూ, బెంచీలు జరపండి’. మెచ్చుకునేటప్పుడు కూడా అమ్మాయి చేతిరాతను, అబ్బాయి తెలివిని పొగుడుతున్నారేమో వినాలి. మాట పక్కన సమయం వేసుకుంటే తర్వాత ‘నేనలా అనలేదే’ అనే వాదన రాదు.

పాఠం అయ్యాక

పత్రాన్ని మార్కుల కోసం వాడితే ఛాత్రోపాధ్యాయులు లెక్చరర్ వచ్చిన రోజు మాత్రమే అమ్మాయిలను లేపుతారు. అందుకే ముందుగా ‘ఎవరిని ఎక్కువ అడిగావనుకుంటున్నావమ్మా?’ అని అంచనా చెప్పించి, ఆ తర్వాత పటం చేతికివ్వాలి. మార్చుకోవాల్సింది ఒక్కటే ఎంచుకోమనాలి. పేర్ల చీటీలు తీసి అడగడం ఒక దారి. ప్రశ్న వేశాక ఆగడం ఇంకోటి. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే ఎక్కువ మంది, ఎక్కువసేపు మాట్లాడతారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు.

ఒక్క పాఠం చూసి ఎవరి మీదా ముద్ర వేయకూడదు. 24 ప్రశ్నల్లో రెండు మూడు అటూ ఇటూ కావడం మామూలే. వేర్వేరు రోజుల్లో కనీసం మూడు పాఠాలు చూడాలి. వీలైతే ఒక పాఠాన్ని ఇద్దరు లెక్చరర్లు విడివిడిగా లెక్కేసి పోల్చుకోవాలి. ఇద్దరి గీతలూ కలవకపోతే ముందు దిద్దుకోవాల్సింది పత్రాన్నే. లెక్చరర్లకు ఒక మనవి: వచ్చే ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేముందు ఇదే పటాన్ని కాలేజీలో మీ సొంత తరగతికి ఒకసారి గీయించుకోండి. శిక్షణలో ఉన్నవాళ్లు సిద్ధాంతం పుస్తకంలో చదువుతారు, అడిగే తీరు మాత్రం మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.