గడువు గుర్తుచేసే నాలుగు వాక్యాలు

ఏటా జూన్, జూలై నెలల్లో చార్టర్డ్ అకౌంటెంట్ల కార్యాలయాలు తమ క్లయింట్లకు వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఒక బొమ్మ, దాని కింద నాలుగైదు వాక్యాల క్యాప్షన్ పెడతాయి. ఆదాయపు పన్ను రిటర్ను గడువును గుర్తుచేయడం దాని పని. ఎవరు దాఖలు చేయాలి, ఏ తేదీలోగా, ఏ కాగితాలు పంపాలి, ఆలస్యమైతే ఏమవుతుంది అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే చాలు.

చాలా క్యాప్షన్లు నాలుగో విషయంతో మొదలై అక్కడే ఆగిపోతాయి. "చివరి హెచ్చరిక! రూ. 5,000 జరిమానా!" అన్న తరహా వాక్యం చదివినవారికి భయమే తప్ప సమాచారం అందదు. పైగా అది అందరి విషయంలోనూ నిజం కాదు. 2023-24 ఆర్థిక సంవత్సరపు రిటర్నులనే చూస్తే, ఆడిట్ అవసరం లేనివారికి గడువు 2024 జూలై 31. ఆ తేదీ దాటినా డిసెంబర్ 31 వరకు ఆలస్యపు రిటర్ను వేసుకునే వీలుండేది. ఆలస్య రుసుము గరిష్ఠంగా రూ. 5,000. మొత్తం ఆదాయం రూ. 5 లక్షలు మించకపోతే అది వెయ్యి రూపాయలే. టీడీఎస్ పోగా ఇంకా రూ. 8,000 పన్ను కట్టాల్సిన ఉద్యోగి ఆగస్టు 5న ఆ పన్ను కట్టి రిటర్ను వేశాడనుకుందాం. నెలలో కొద్ది రోజులే గడిచినా పూర్తి నెలగా లెక్కించి ఒక శాతం వడ్డీ వేస్తారు. అంటే రూ. 80. ఆదాయం రూ. 5 లక్షలు దాటి ఉంటే రుసుముతో కలిపి అతని అదనపు భారం రూ. 5,080.

అసలు నష్టం ఈ రుసుముకు బయట ఉంటుంది. షేర్లలోనో వ్యాపారంలోనో వచ్చిన నష్టాన్ని రాబోయే సంవత్సరాల లాభాల్లో సర్దుకోవాలంటే గడువులోగా రిటర్ను వేసి ఉండాలి. వ్యాపార ఆదాయం లేని జీతగాడు పాత పన్ను విధానం కావాలనుకుంటే, ఆ ఎంపికను కూడా గడువులోగా వేసే రిటర్నులోనే తెలపాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఇంటి అద్దె భత్యం, 80సీ పొదుపులపై మినహాయింపులు చేజారిపోతాయి. కొందరికి ఇది రూ. 5,000 కంటే పెద్ద మొత్తం. జరిమానా గురించి కేకలు పెట్టే క్యాప్షన్‌లో సాధారణంగా కనిపించనిది ఇదే.

బెదిరింపు ధోరణికి మరో ఇబ్బంది ఉంది. పన్ను శాఖ పేరుతో వచ్చే మోసపు సందేశాలు కూడా తొందరపెట్టే మాటలతోనే వస్తాయి. అలాంటి స్వరంలోనే ఆడిటర్ కార్యాలయం రాస్తే, జాగ్రత్తపరుడైన క్లయింటు దాన్ని నమ్మడు. అందుకే క్యాప్షన్‌లో లింకు పెట్టకపోవడం, ఓటీపీలు, పాస్‌వర్డులు అడగకపోవడం మంచిది.

2024 జూలై మొదటి వారానికి సరిపోయే క్యాప్షన్ ఇలా ఉండవచ్చు:

"2023-24 ఆదాయపు పన్ను రిటర్నులకు గడువు జూలై 31. ఫారం 16, బ్యాంకు వడ్డీ వివరాలు, షేర్లు అమ్మి ఉంటే ఆ స్టేట్‌మెంటు జూలై 15లోగా మా కార్యాలయానికి పంపండి. సరిచూసుకోవడానికి సమయం దొరుకుతుంది. పాత పన్ను విధానం కావాలనుకునేవారు, నష్టాలు చూపాల్సినవారు తప్పకుండా గడువులోగా వేయాలి. ఇప్పటికే వివరాలు పంపినవారు ఈ సందేశాన్ని పట్టించుకోనక్కర్లేదు."

ఇందులో రెండు తేదీలు ఉన్నాయి: ఒకటి చట్టం పెట్టినది, రెండోది కార్యాలయం కోరుకున్నది. రెండింటినీ కలిపేసి జూలై 15నే చివరి తేదీగా చూపితే, నిజం తెలిసిన క్లయింటు మరుసటి ఏడాది ఏ తేదీనీ నమ్మడు. ఫారం 16 ఇవ్వడానికి యజమానులకు జూన్ 15 వరకు సమయం ఉంటుంది కాబట్టి, అంతకుముందే పత్రాలు అడగడం వృథా. దాఖలు చేశాక 30 రోజుల్లోగా ఇ-వెరిఫై చేయాలన్న మాటను ఈ క్యాప్షన్‌లో ఇరికించకుండా, రిటర్ను వేసిన రోజున విడిగా పంపాలి. ఆ 30 రోజులు దాటితే వెరిఫై చేసిన తేదీనే దాఖలు తేదీగా తీసుకుంటారు. అప్పుడు సకాలంలో వేసిన రిటర్ను కూడా ఆలస్యపు రిటర్ను అయ్యే ప్రమాదం ఉంది.

బహిరంగంగా పెట్టే క్యాప్షన్‌కు వృత్తిపరమైన హద్దు ఒకటుంది. ప్రకటనల ద్వారా, సర్క్యులర్ల ద్వారా క్లయింట్లను ఆకర్షించడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. "తక్కువ ఫీజు", "గరిష్ఠ రీఫండ్" వంటి మాటలకు గడువు సందేశంలో చోటు లేదు.

గడువు కొన్నిసార్లు మారుతుంది కూడా. 2025లో జూలై 31 గడువును ముందుగా సెప్టెంబర్ 15కు, ఆఖరి నిమిషంలో మరో రోజుకు పొడిగించారు. పొడిగింపు వస్తుందన్న పుకారును క్యాప్షన్‌లో రాయకూడదు. అధికారిక ప్రకటన వెలువడిన రోజే పాత సందేశాన్ని తీసేసి, కొత్త తేదీతో మరొకటి పెట్టాలి.