చీటీలో 7 నిద్ర మాత్రలే ఎందుకు?

డిప్రెషన్‌తో మొదటిసారి సైకియాట్రిస్ట్‌కు చూపించుకుని వచ్చినవాళ్ల ఇళ్లలో ఒక విసుగు తరచూ వినిపిస్తుంది. పేషెంటు ప్రాణం తీస్తున్నది నిద్రలేమి. దానికి డాక్టరు రాసింది ఏడంటే ఏడు మాత్రలు. వారం తిరక్కముందే మళ్లీ రమ్మన్నారు. రానూ పోనూ బస్సు ఛార్జీలు, తోడు వచ్చినవాళ్లకు ఒకరోజు పని పోవడం, మళ్లీ ఫీజు. ‘నెలకు సరిపడా ఒకేసారి రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? ఇదంతా ఫీజు కోసమే’ అనేస్తారు చుట్టాలెవరో. ఖర్చు గురించిన కోపం న్యాయమైనదే. కానీ ఆ 7 అనే అంకె వెనుక ఉన్న లెక్క ఫీజుది కాదు.

ఆ లెక్క తెలియాలంటే ఒక కేసును మొదటి నుంచి చూడాలి. మనిషి కల్పితం, కథ మాత్రం సైకియాట్రీ ఓపీల్లో రోజూ నడిచేదే. తెనాలి దగ్గర పల్లెలో టైలరింగ్ చేసుకునే 42 ఏళ్ల సుజాత అనుకుందాం. రెండు నెలలుగా దేనిమీదా ఆసక్తి లేదు, అన్నం సయించడం లేదు, కుట్టాల్సిన జాకెట్లు మూటలోనే ఉన్నాయి. రాత్రి పదింటికి పడుకుంటుంది, మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఇక తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకోవడమే. నిద్ర పట్టకపోవడం ఒక రకమైతే, ఇలా తెల్లవారుజామునే తెలివొచ్చి మళ్లీ కునుకు పట్టకపోవడం డిప్రెషన్‌లో ఎక్కువగా కనిపించే రకం. ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు ఒక్కరే మేలుకుని ఉండే ఆ రెండు మూడు గంటల్లో ఆలోచనలు మరీ నల్లబడతాయి. డిప్రెషన్‌లో నిద్రలేమి ఆత్మహత్య ఆలోచనలను పెంచుతుందని పరిశోధనలు చెబుతున్నాయి కూడా. అందుకే ‘నిద్ర దానంతట అదే వస్తుందిలే’ అని డాక్టరు వదిలేయలేరు.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది. డాక్టరు ఆమెకు రెండు మందులు రాశారు. ఒకటి ఎస్సిటలోప్రామ్, డిప్రెషన్‌కు అసలు వైద్యం. మొదటి వారం 5 మిల్లీగ్రాములు, ఒంటికి పడితే ఆ తర్వాత 10. రెండోది క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు, రాత్రికి ఒకటి. నిద్ర మాత్ర ఆ రాత్రే పనిచేస్తుంది. ఎస్సిటలోప్రామ్ అలా కాదు. మనసు తేలికపడుతున్నట్టు తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం కనపడటానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. పైగా మొదటి రోజుల్లో కొందరికి కడుపులో వికారం, కాస్త ఆందోళన పెరిగినట్టు ఉండటం మామూలే. అంటే మొదటి నెలలో చాలా రోజులు ఆమె దగ్గర నిద్ర తెచ్చే మాత్ర ఉంటుంది, బాధ మాత్రం తగ్గి ఉండదు. మాత్రల సంఖ్యకు కోత పెట్టేది ఈ మధ్యకాలాన్ని దృష్టిలో పెట్టుకునే.

మొదటి రోజే డాక్టరు ఆమెను సూటిగా అడిగారు: “అమ్మా, ఇంత బాధలో బతకడం వద్దనిపించిందా ఎప్పుడైనా?” సుజాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పడుకుంటే మళ్లీ లేవకుండా ఉంటే బాగుండనిపిస్తుంది సార్. పిల్లాడు గుర్తొస్తాడు” అంది. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందువల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనల్లో తేలింది. చాలామంది పేషెంట్లకు ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. డాక్టరు తర్వాతి ప్రశ్నలూ వేశారు: ఏదైనా చేసుకోవాలని అనుకున్నావా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా, ఇంట్లో ఎవరికైనా చెప్పావా, ఇంట్లో ఎవరి మందులు ఏమున్నాయి? ఆమె జవాబులను బట్టి తక్షణ ప్రమాదం లేదనిపించింది. ఉందనిపిస్తే 7 మాత్రలు కూడా చేతికివ్వరు, అడ్మిట్ చేసుకోవడం గురించే మాట్లాడతారు.

చావాలన్న ఆలోచన చాలామందిలో ఒకే తీవ్రతతో కూర్చుని ఉండదు. ఉప్పెనలా వస్తుంది, కొన్ని నిమిషాలో గంటలో ఊపేసి తగ్గుతుంది. ఆ సమయంలో చేతికి అందేంత దూరంలో ఏముందన్నది ప్రాణాన్ని నిర్ణయించే విషయం అవుతుంది. అందని మనిషి ఇంకో దారి వెతుక్కుంటాడులే అని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ గడియ దాటిపోతుంది, మనిషి మిగులుతాడు. బ్రిటన్‌లో 1998లో నొప్పి మాత్రల ప్యాకెట్లను చిన్నవి చేశారు. ఎవరూ ఎవరికీ కౌన్సెలింగ్ ఇవ్వలేదు, ఒకేసారి కొనగలిగే మాత్రలు తగ్గాయంతే. ఆ తర్వాతి ఏళ్లలో ఆ మాత్రల వల్ల జరిగే మరణాలు స్పష్టంగా తగ్గాయి. మన డాక్టరు చీటీలో 7 అని రాసేటప్పుడు చేసేదీ అదే పని, ఒక్క ఇంటి మేరకు.

ఆమెను అడిగి, సరేనన్నాకే డాక్టరు భర్తను లోపలికి పిలిచారు. నిద్ర మాత్రలు ఆయన దగ్గరే ఉండాలి, రోజుకు ఒకటి చేతికివ్వాలి, మద్యం తాగిన రోజు అస్సలు వేసుకోకూడదు, ఇంట్లో పెద్దవాళ్లవి మిగిలిపోయిన పాత మందులుంటే తీసేయాలి. మద్యం సంగతి ఆడవాళ్లకు చెప్పడమేమిటని భర్త మొహం పెట్టాడట. డాక్టర్లు ఇది అందరికీ చెబుతారు, చెప్పాలి కూడా. మద్యంతో కలిస్తే ఈ మందు మత్తును, ఊపిరి మందగించడాన్ని ప్రమాదకరంగా పెంచుతుంది.

వారానికి రెండోసారి వచ్చారు. చిన్న వయసువాళ్లకు, ప్రాణం మీద విరక్తి చెప్పినవాళ్లకు మందు మొదలైన వారంలోనే మళ్లీ చూడాలని, మిగిలినవాళ్లను రెండు వారాల్లోపు చూడాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఇక్కడా జాగ్రత్త గల డాక్టర్లు దాదాపు అలాగే చేస్తారు. “నిద్ర పడుతోంది సార్, మనసు మాత్రం అలాగే ఉంది” అంది సుజాత. భర్త మాత్రం సంతోషంగా ఉన్నాడు: “ఆ రాత్రి బిళ్లే పనిచేస్తోందండీ, దాన్నే ఒక నెలకి రాసేయండి.” ఇంటివాళ్లకు కనపడేది నిద్ర. డాక్టరు వెతికేది వేరే. నిద్ర పట్టి ఒంట్లో కాస్త సత్తువ వచ్చి, నిరాశ మాత్రం అలాగే ఉండే దశ గురించి సైకియాట్రిస్టులు చాలాకాలంగా జాగ్రత్త పడుతున్నారు. కదలలేక మంచం పట్టినప్పుడు చేయలేనిది ఆ దశలో చేయగలరేమోనన్న భయం వాళ్లది. పాతికేళ్లలోపు వాళ్లలో డిప్రెషన్ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక అమెరికాలో మందుతోపాటే ఇస్తారు. అందుకే ‘బాగుంది’ అన్న మాటతో రివ్యూ ముగియదు. మొదటి రోజు అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతారు.

ఆ తర్వాత స్ట్రిప్ చూపించమన్నారు. అందులో 3 మాత్రలున్నాయి. వేసుకోలేదా, దాచుకుందా? రెండూ కాదు. చీటీలో 7 ఉన్నా మందుల షాపువాడు ‘మళ్లీ ఏం తిరుగుతారులే’ అని 10 మాత్రల స్ట్రిప్ మొత్తం ఇచ్చేశాడు. మంచితనంతో చేసిన పనే, తప్పే. ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్ వంటివి మన దేశంలో 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందులు. డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది షాపు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ లేకుండా అమ్మకూడదు. పాత చీటీ పట్టుకెళ్లి నెలలు నెలలు తెచ్చుకునేవాళ్లు మన ఊళ్లలో ఎందరున్నారో షాపులవాళ్లకే తెలుసు. డాక్టరు ఆ 3 మాత్రలను లెక్కలో కలుపుకుని ఈసారి 4 మాత్రమే రాశారు. మిగిలితే ఎందుకు మిగిలాయి, ముందే అయిపోతే ఎందుకు అయిపోయాయి అని అడగడం రివ్యూలో సగం పని. ముందే అయిపోతే పేషెంటు రెండేసి వేసుకుంటున్నట్టు.

అలా రెండేసి వేసుకోవడం ఈ మందుల రెండో సమస్యకు మొదటి గుర్తు. ఈ రకం నిద్ర మాత్రలను రోజూ వాడుతుంటే శరీరం అలవాటు పడుతుంది, మొదట్లో అర మాత్రతో వచ్చిన నిద్ర తర్వాత ఒకటితోనూ రాదు. ఉన్నట్టుండి ఆపేస్తే ఇంతకుముందు కంటే ఎక్కువ నిద్రలేమి, చెమటలు, వణుకు, ఆందోళన వస్తాయి. ఎక్కువ కాలం వాడినవాళ్లకు ఫిట్స్ కూడా రావచ్చు. ‘జబ్బు తిరగబెట్టింది’ అనుకుని మళ్లీ మాత్రకే పరుగెడతారు. అందుకే వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించనివ్వకూడదన్నది సాధారణ సూత్రం. నెలకు సరిపడా ఒకేసారి రాసిన చీటీ ఆ గడువును ఎవరూ చూడకుండానే దాటించేస్తుంది. 60 దాటినవాళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉంటారు. రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలిపడి తుంటి ఎముక విరిగితే మంచానపడటమే. కొందరికి అసలు విడిగా నిద్ర మాత్ర రాయకుండా, మిర్టజపీన్ లాంటి నిద్ర కూడా తెచ్చే డిప్రెషన్ మందునే ఎంచుకుంటారు.

సుజాత మూడోసారి వచ్చేసరికి రెండు వారాలు గడిచాయి. నిద్ర మాత్ర 0.25కు తగ్గింది. వారం తర్వాత రోజు విడిచి రోజు. అలా తగ్గిస్తున్నప్పుడు రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు, భయపడి ఫోన్ చేసింది. మందు తగ్గుతున్నప్పుడు అలా ఉంటుందని, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందని డాక్టరు చెప్పారు, మాత్ర పెంచలేదు. మధ్యాహ్నం పడుకోవడం, సాయంత్రం టీ మానమన్నారు. ఎంత రాత్రి పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవమన్నారు. నాలుగో వారంలో మూటలోని జాకెట్లు రెండు బయటికి తీసింది. క్లోనజెపామ్ ఆగిపోయింది. ఎస్సిటలోప్రామ్ మాత్రం కొనసాగుతోంది, పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు. ఇప్పుడు ఆ మందు నెలకు సరిపడా రాస్తున్నారు, రివ్యూ కూడా నెలకోసారే. అంటే చీటీలో అంకె ఎప్పటికీ 7 దగ్గరే ఆగదు. ప్రమాదం తగ్గేకొద్దీ గడువు పెరుగుతుంది.

నిజంగానే వారంవారం రాలేనివాళ్లుంటే ఆ సంగతి డాక్టరుకు మొదటి రోజే చెప్పడం మంచిది. మధ్యలో ఒక రివ్యూ ఫోన్‌లో పెట్టుకోవచ్చు, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి రాసివ్వవచ్చు, కొన్ని మాత్రలు ఇంట్లో ఒక్కరి బాధ్యతలో ఉంచవచ్చు. ఏ దారీ లేక తిరక్కుండా మానేయడమే అసలు ప్రమాదం. మానేసినవాళ్ల ఇంట్లో సగం స్ట్రిప్ మిగిలి ఉంటుంది, వాళ్లెలా ఉన్నారో ఎవరికీ తెలియదు. రెండు రివ్యూల మధ్యలో ఆ చెడ్డ గడియ వస్తే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. డాక్టరు చీటీ వెనక ఆ నంబరు రాయించుకుని, మాత్రలు పెట్టిన చోటే అంటించుకోండి.