భాస్వరం ‘ఎక్కువ’ అని వస్తే డీఏపీ ఎంత వేయాలి?

భూసార పరీక్ష కాగితంలో పన్నెండు అంశాలు ఉంటాయి. రైతు అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. అంకె పక్కన ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అని రాసిన గడి చూస్తే చాలు, సగం పని అయినట్టే.

తెలంగాణలో పత్తి వేసే ఒక నల్లరేగడి చేను ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. ఉదజని సూచిక 8.1, లవణాలు మామూలు, సేంద్రియ కర్బనం 0.42 శాతం (తక్కువ), భాస్వరం హెక్టారుకు 36 కిలోలు (ఎక్కువ), పొటాష్ 410 (ఎక్కువ), జింకు 0.4 పీపీఎం (తక్కువ). నల్లరేగడిలో 8.1 కంగారుపడాల్సిన సంగతి కాదు. చూడాల్సింది చివరి మూడూ, కర్బనమూ.

ఆ 36 అనేది వేయాల్సిన ఎరువు కాదు, నేలలో మొక్కకు అందే భాస్వరం. పైగా అది హెక్టారు లెక్క, అంటే రెండున్నర ఎకరాలది. బీటీ పత్తికి ఎకరాకు సాధారణ సిఫారసు నత్రజని 60, భాస్వరం 24, పొటాష్ 24 కిలోలు. ‘తక్కువ’ ఉన్నదానికి ముప్పై శాతం పెంచాలి, ‘ఎక్కువ’ ఉన్నదానికి అంతే తగ్గించాలి. కర్బనం తక్కువంటే నత్రజని తక్కువన్నట్టే. కాబట్టి లెక్క 78, 17, 17 అవుతుంది.

దుకాణం భాషలో చెప్పాలంటే, డీఏపీ 37 కిలోలు, అంటే ముప్పావు బస్తా దుక్కిలో. అందులోనే ఆరున్నర కిలోల నత్రజని కూడా వస్తుంది. మిగతా నత్రజనికి యూరియా మూడున్నర బస్తాలు. పొటాష్ ఎరువు 28 కిలోలు. యూరియా, పొటాష్‌లను నాలుగు భాగాలు చేసి విత్తిన 20, 40, 60, 80 రోజులకు పైపాటుగా వేయాలి.

ఇలాంటి చేనుకే ‘అందరూ వేస్తున్నారు కదా’ అని రెండు బస్తాల డీఏపీ వేస్తే 46 కిలోల భాస్వరం పడుతుంది. సున్నం ఉన్న నల్లరేగడిలో అందులో చాలా భాగం బిగుసుకుపోతుంది. అసలే తక్కువున్న జింకు మొక్కకు ఇంకా అందకుండా పోతుంది. లేత ఆకులు చిన్నవై ఈనెల మధ్య పసుపు తిరిగితే, చాలామంది మరో బస్తా యూరియా చల్లుతారు. కావలసింది అది కాదు, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు, ఆఖరి దుక్కిలో. దాన్ని డీఏపీతో కలిపి మాత్రం వేయకండి, రెండూ కరగని పదార్థంగా మారిపోతాయి. కొన్ని రోజుల ఎడం ఉండాలి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయాలి.

ఒక మెలిక ఉంది. ప్రభుత్వ భూసార పత్రాలకు మొదట్లో వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు, సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. మీ చేతిలోని కాగితం పక్క చేనుదీ కావచ్చు. వేసవిలో ఎరువు వేయకముందు మీ చేనులోనే ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు తవ్వి, గట్లూ పెంటకుప్పలూ చెట్ల నీడా వదిలేసి, మట్టిని కలిపి అర కిలో పంపండి.