దిండు ఉతకడం తేలికే, ఆరబెట్టడమే అసలు పని

గలీబు తీసి చూస్తే చాలా ఇళ్లలో దిండు మీద టీ ఒలికినట్టు పసుపు మచ్చలు కనిపిస్తాయి. చెమటలో ఎక్కువ భాగం నీరే, అది ఆరిపోతుంది. ఒంటి జిడ్డు, తలకు రాసుకున్న కొబ్బరినూనె మాత్రం గుడ్డలో ఇంకి, గాలి తగిలి నెమ్మదిగా పసుపెక్కుతాయి. కాబట్టి ముందు జిడ్డు వదలాలి, ఆ తర్వాతే రంగు పోతుంది. చాలామంది తొందరపడి క్లోరిన్ బ్లీచ్ పోస్తారు. చెమట మరకల మీద అది పడితే పసుపు ఒక్కోసారి ఇంకా ముదురుతుంది.

అన్ని దిండ్లనూ నీళ్లలో వేయకూడదు. బూరుగు దూది, పత్తి దూది తడిస్తే ఉండలు కడతాయి, లోపలి తడి ఎంతకీ పోదు. వాటికి పై గుడ్డ విప్పి ఉతికి, దూదిని ఎండబెట్టి ఏకించి మళ్లీ కుట్టించడమే దారి. మెమరీ ఫోమ్ దిండుకు పై కవరు మాత్రమే ఉతకాలి. నానిన ఫోమ్‌ను పిండితే చిరిగిపోతుంది. నిశ్చింతగా ఉతకగలిగేది పాలిస్టర్ ఫైబర్ దిండే. దానికి కూడా అంచున కుట్టిన పట్టీ మీద ఏముందో ముందు చూడండి.

మచ్చల మీద గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా రాసి, చేత్తో రుద్ది పావుగంట ఉంచండి. పది లీటర్ల వేడి నీళ్లలో, అంటే చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడిలో, సోడియం పర్కార్బొనేట్ పొడి నాలుగైదు పెద్ద చెంచాలు కలపండి. మరకలు పోవడానికి అమ్మే ఆక్సిజన్ పొడుల్లో ఉండేది ఎక్కువగా ఇదే. చన్నీళ్లలో ఇది సరిగా పనిచేయదు. దిండు తేలిపోకుండా పైన బరువు పెట్టి రెండు మూడు గంటలు నాననివ్వండి. ఈ నీళ్లలో బ్లీచ్‌గానీ వెనిగర్‌గానీ కలపొద్దు. మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి బిగించొద్దు, గ్యాస్ పుట్టి సీసా పగలొచ్చు.

మెషీన్‌లో రెండు దిండ్లు ఎదురెదురుగా వేస్తే డ్రమ్ము ఒకవైపు ఒరగదు. సబ్బు తక్కువ వేసి, రెండుసార్లు జాడించండి. సబ్బు మిగిలితే ఫైబర్ జిగటగా ఉండి మళ్లీ మురికిని పట్టుకుంటుంది. చివర స్పిన్ కూడా రెండోసారి తిప్పితే ఆరే సమయం బాగా తగ్గుతుంది.

ఇక ఆరబెట్టడం. దండెం మీద వేలాడదీస్తే తడి ఫైబరంతా కిందికి జారి గడ్డ కడుతుంది. నులక మంచం మీద పరిస్తే కింద నుంచీ గాలి ఆడుతుంది. రెండు గంటలకోసారి తిరగేస్తూ, లోపలి గడ్డలను పై గుడ్డ మీద నుంచే వేళ్లతో విడదీస్తూ ఉండాలి. పొద్దుగూకగానే లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టండి, మర్నాడు మళ్లీ ఎండలో వేయండి. పైన చెయ్యి పెడితే పొడిగా తగిలినా నడిమధ్యలో తడి ఉంటుంది. ముక్కిన వాసన పుట్టేది అక్కడే.

ఆరిందో లేదో తూకం చెబుతుంది. ఉతకకముందే వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. అప్పుడు 750 గ్రాములున్న దిండు సాయంత్రానికి 820 చూపిస్తే, లోపల ఇంకా ఒక టీ గ్లాసెడు నీళ్లకు కాస్త తక్కువగా ఉన్నట్టే. 750కి దిగాక కూడా మధ్యలో గట్టిగా నొక్కి పట్టుకోండి. చల్లగా తగిలితే ఇంకో పూట ఎండ కావాలి. త్రాసు లేనివాళ్లు దిండును పల్చని ప్లాస్టిక్ సంచిలో కట్టి గంటసేపు ఎండలో పెట్టొచ్చు. సంచి లోపల ఆవిరి పడితే తడి ఉన్నట్టు. ముసురు పట్టిన రోజుల్లో దిండు ఉతకకపోవడమే మంచిది.

పరుపు ప్రొటెక్టర్‌కు కింది వైపు నీళ్లు దిగని పల్చటి పొర ఉంటుంది. మెషీన్‌లో ఈ పొర నీళ్లను సంచిలా పట్టేస్తే, స్పిన్‌లో డ్రమ్ము ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి స్పిన్ ఆపేసి, బయటికి తీసి నీళ్లు ఓడ్చండి. మెలిపెట్టి పిండితే పొర బీటలు వారుతుంది. మరుగు నీళ్లు, ఇస్త్రీ దానికి పనికిరావు. ముందు పొర వైపు పైకి ఉంచి నీడపట్టున గాలికి ఆరేసి, తర్వాత గుడ్డ వైపు తిప్పండి. పొరను గంటలకొద్దీ మండుటెండలో పెడితే పెళుసెక్కుతుంది. తీసే ముందు నాలుగు మూలల ఎలాస్టిక్ మడతలను వేళ్లతో తడిమి చూడండి, అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేవి అవే. అక్కడి చెమ్మ పొర కింద చిక్కుకుందంటే బయటికి పోయే దారి ఉండదు, పరుపులోకి దిగుతుంది.