ఓనర్ అద్దె ఒక్కసారిగా పెంచుతానంటే...

సింగపూర్‌లో ఎస్ పాస్ మీద హెచ్‌డీబీ ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటున్న మనవాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. "అగ్రిమెంట్ అయిపోవస్తోంది, ఓనర్ ఒకేసారి ఎనిమిది వందలు పెంచుతానంటున్నాడు, ఏం చేయాలి?"

ముందు అగ్రిమెంట్ తీసి గడువు తేదీ చూడండి. గడువు ఇంకా ఉంటే, అద్దె పెంచుకోవచ్చని అందులో రాసి ఉంటే తప్ప, ఓనర్ మధ్యలో పెంచడానికి లేదు. గడువు ముగిశాక మాత్రం ఇంత కంటే ఎక్కువ పెంచకూడదనే చట్టం ఇక్కడ లేదు. అందుకే "ఇది అన్యాయం సార్" అంటే పని జరగదు. గడువుకు రెండు నెలల ముందే లెక్కతో మాట్లాడాలి.

ఆ లెక్క హెచ్‌డీబీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఏ టౌన్‌లో ఏ రకం ఫ్లాట్‌కి ఎంత అద్దె నడుస్తోందో మూడు నెలలకోసారి అక్కడ పెడతారు. ప్రకటనల్లో కనిపించేది ఓనర్లు అడిగే రేటు. ఇక్కడ ఉండేది నిజంగా కుదిరిన రేటు. దాన్ని ఓనర్ కూడా కాదనలేడు.

ఉదాహరణకి మీ ఫోర్ రూమ్ ఫ్లాట్ అద్దె 2,600 డాలర్లు, ఓనర్ 3,400 అడుగుతున్నాడు, చుట్టుపక్కల కుదిరినవి 2,800 నుంచి 3,000 వరకు ఉన్నాయి అనుకుందాం. మీరు 2,900 ఇస్తామంటారు. మీరు వెళ్లిపోతే కొత్తవాళ్లు మహా అయితే 3,000 ఇస్తారు. అంటే ఓనర్‌కి ఏడాదికి మిగిలేది 1,200. ఫ్లాట్ ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 3,000. ఏజెంట్ కమీషన్, పెయింటింగ్ ఖర్చు దానికి అదనం.

ఓనర్‌కి నిజంగా కావలసిందేంటో కూడా అడగండి. లోన్ కంతు పెరిగిందా? ఇల్లు పాడవుతుందని భయమా? నెల మొదటి తేదీనే అద్దె వేస్తాం, ఏసీ సర్వీసింగ్ మేమే చేయిస్తాం, రెండేళ్లు ఉంటాం అని చెప్పండి. ఇవి మీకు పెద్ద భారం కాదు, ఆయనకి మాత్రం విలువైనవి.

రెండేళ్లకి సంతకం పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఉద్యోగం పోయి పాస్ రద్దయితే నోటీసు ఇచ్చి ఖాళీ చేయొచ్చనే షరతు అగ్రిమెంట్‌లో ఉండాలి. దాన్ని డిప్లొమాటిక్ క్లాజ్ అంటారు. సాధారణంగా మొదటి ఏడాది తర్వాతే అది పనిచేసేలా రాస్తారు, కాబట్టి తేదీలు చదవండి. ఈ షరతు లేకపోతే తగ్గిన అద్దె కంటే మిగిలిన నెలల బాకీయే ఎక్కువవుతుంది.

చుట్టుపక్కల నిజంగానే 3,400 నడుస్తుంటే ఈ లెక్క మీకు పనికిరాదు. అప్పుడు మొదటి ఆరు నెలలు 3,000, తర్వాత 3,300 ఇస్తామని అడిగి చూడండి, లేదా చిన్న ఫ్లాట్ వెతకండి. ఏది కుదిరినా నోటిమాట మీద వదలకండి, రాతలో పెట్టించండి. మాటలు నడుస్తున్నన్నాళ్లూ పాత అద్దె ఆపకండి. ఆపితే తప్పు మీ వైపుకు వస్తుంది, డిపాజిట్ కూడా చిక్కుల్లో పడుతుంది.